రాక్‌లో వరుస ఉంటే రాసినట్టు కాదు

మన డిగ్రీ కళాశాలల్లో సైన్సు చదివినవారికి రెండు పుస్తకాలు బాగా గుర్తుంటాయి. ఒకటి రికార్డు. గట్టి అట్ట, ఒక పక్క తెల్ల పేజీ, ఇంకో పక్క గీతల పేజీ, పెన్సిలుతో గీసిన పట్టికలు, ప్రతి ప్రయోగం చివర లెక్చరరు సంతకం. రెండోది రఫ్ పుస్తకం. చాలామందికి అది పుస్తకం కూడా కాదు, వేరే సబ్జెక్టు నోట్సులో చివరి పేజీ, అదీ లేకపోతే ఎవరి దగ్గరో చింపి తెచ్చుకున్న కాగితం ముక్క. నేను పాఠం చెప్పిన కళాశాలల్లో మొదటిదానికి మార్కులు ఉండేవి, రెండోదానికి ఉండేవి కావు. ప్రయోగశాలలో జరిగే పొరపాట్లలో చాలావాటికి విద్యార్థుల అజాగ్రత్త కంటే ఈ మార్కుల పద్ధతే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. అయితే ఆ మాటను గాలిలో చెబితే ఎవరూ ఒప్పుకోరు కనుక, బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం ప్రాక్టికల్‌లో ఒక అమ్మాయికి ఎదురైన చిక్కును వివరంగా చెప్పి, దాని మీదుగా వాదిస్తాను.

ఆ రోజు ప్రయోగం లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము మీద పీహెచ్, అంటే ఆమ్ల క్షార స్థాయి, చూపే ప్రభావం. ఎమైలేజ్ స్టార్చ్‌ను ముక్కలు చేసి మాల్టోజ్ అనే చక్కెరను విడుదల చేస్తుంది. పీహెచ్ 5, 6, 7, 8, 9 ఉన్న ఐదు బఫర్లలో, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణాల్లో, ఒకే నిడివి సమయంలో ఎంత మాల్టోజ్ తయారైందో కొలిస్తే ఎంజైము ఎక్కడ చురుకుగా పనిచేస్తుందో తెలుస్తుంది. చక్కెరను కొలవడానికి డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం ఉన్న డీఎన్ఎస్ రీఏజెంట్ వాడతారు. దీనిని 1921లో జేమ్స్ సమ్నర్ మామూలు మనుషుల, మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర కొలవడానికి ప్రతిపాదించారు. తరువాత యూరియేజ్ ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసి 1946లో నోబెల్ బహుమతి పంచుకున్నది ఆయనే. పసుపు రంగులో ఉండే ఈ రీఏజెంట్‌ను చక్కెరతో కలిపి మరిగే నీళ్లలో ఉంచితే చక్కెర ఉన్న మేరకు నారింజ నుంచి ఎర్ర గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు గాఢతను కలరీమీటర్‌లో 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. విద్యార్థులు దాన్నే ఓడీ అంటారు.

పని ఇలా సాగుతుంది. ఆరు ట్యూబుల్లో స్టాండర్డులు, అంటే చక్కెర ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు, తయారుచేయాలి. ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఉన్న మాల్టోజ్ ద్రావణాన్ని 0, 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, నీళ్లతో అన్నిటినీ ఒక మిల్లీలీటరుకు తేవాలి. సున్నా ఉన్న ట్యూబే బ్లాంక్. మరో ఐదు ట్యూబుల్లో అర మిల్లీలీటరు చొప్పున ఒక శాతం స్టార్చ్, దాంతోపాటు 0.3 మిల్లీలీటరు బఫరు పోయాలి. లాలాజల ఎమైలేజ్‌కు క్లోరైడు అవసరం కనుక స్టార్చ్‌లో ముందే కాస్త ఉప్పు కలిపి ఉంచుతారు. వీటిని 37 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచి, పలుచన చేసిన లాలాజలం 0.2 మిల్లీలీటరు వేసి, సరిగ్గా మూడు నిమిషాలకు డీఎన్ఎస్ రీఏజెంట్ ఒక మిల్లీలీటరు పోయాలి. అందులో సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది కాబట్టి ఎంజైము అక్కడితో ఆగిపోతుంది. పన్నెండో ట్యూబు కంట్రోల్. అందులో లాలాజలం కంటే ముందే డీఎన్ఎస్ వేస్తారు, కాబట్టి ఎంజైముకు పనిచేసే అవకాశమే ఉండదు. స్టాండర్డు ట్యూబులకు కూడా డీఎన్ఎస్ చేర్చి, పన్నెండింటినీ మరిగే నీళ్ల బీకరులో ఐదు నిమిషాలు ఉంచి, కుళాయి కింద చల్లార్చి, తలా పది మిల్లీలీటర్ల నీళ్లు కలిపి ఓడీ చూడాలి.

ఆ అమ్మాయి చేతిపని బాగుండేది. పిపెట్ పట్టుకున్న తీరు, కంటి ఎత్తుకు తెచ్చి గీత చూసే తీరు మెచ్చుకోదగ్గవి. కానీ ట్యూబుల మీద ఒక్క గుర్తు కూడా పెట్టలేదు. ట్యూబులు నిలబెట్టే రాక్‌లో ముందు వరుసలో ఎడమ నుంచి కుడికి స్టాండర్డులు, వెనుక వరుసలో పీహెచ్ ట్యూబులు, చివర కంట్రోల్. గుర్తులేవని నేను అడిగితే, "వరుసలోనే పెట్టాను మేడమ్, ఏది ఏదో నాకు తెలుసు" అంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ట్యూబులు రాక్‌లో ఉన్నంతసేపు ఆమెకు నిజంగానే తెలుసు.

రాక్‌లోని వరుస ఒక రకమైన జ్ఞాపకం. ట్యూబు తన చోటు నుంచి కదలనంత వరకే అది పనిచేస్తుంది. ఈ ప్రయోగంలోనేమో ట్యూబు కనీసం నాలుగుసార్లు కదులుతుంది. మొదట 37 డిగ్రీల నీళ్లలోకి, తరువాత మరిగే బీకరులోకి, అక్కడి నుంచి కుళాయి కిందికి, చివరకు కలరీమీటర్ దగ్గరికి. బీకరు గుండ్రంగా ఉంటుంది, నీళ్లు మరుగుతూ ఉంటే ట్యూబులు అందులో ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతాయి. ఐదు నిమిషాల తరువాత హోల్డరుతో ఒక్కొక్కటే బయటకు తీసి రాక్‌లో పెట్టేసరికి ముందు వరుస ఏదో, వెనుక వరుస ఏదో చెప్పడానికి ఆధారం మిగలలేదు.

ఇలాంటప్పుడు తెలివైన విద్యార్థి చేసే పనే ఆమె చేసింది. అన్నిటికీ నీళ్లు కలిపి, లేత రంగు నుంచి ముదురు రంగు వరకు వరుసగా పేర్చింది. మరీ లేతగా ఉన్న రెండూ బ్లాంక్, కంట్రోల్ అయి ఉండాలి. వాటిలో ఒకదానితో కలరీమీటర్‌ను సున్నా చేసి, మిగిలిన పదింటి ఓడీలు చూసి కాగితం ముక్క మీద రాసుకుంది: 0.05, 0.08, 0.13, 0.19, 0.21, 0.22, 0.29, 0.32, 0.34, 0.37. ఇక వీటిలో ఐదు స్టాండర్డులవి, ఐదు పీహెచ్ ట్యూబులవి. స్టాండర్డులు సరళరేఖలో రావాలని ఆమెకు తెలుసు కనుక సమాన దూరంలో ఉన్న ఐదింటిని ఏరింది: 0.05, 0.13, 0.21, 0.29, 0.37. స్కేలు పెట్టి గీసినట్టు రేఖ వచ్చింది. మిగిలిన ఐదింటిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న 0.34ను పీహెచ్ 7కు ఇచ్చింది, ఎందుకంటే లాలాజల ఎమైలేజ్ తటస్థ స్థితికి దగ్గరలో, 6.8 ప్రాంతంలో బాగా పనిచేస్తుందని పుస్తకం చెబుతుంది. తక్కిన నాలుగింటిని అటు రెండు, ఇటు రెండు సర్దితే గంట ఆకారం వచ్చింది. ఆ గ్రాఫును రికార్డులో ఎక్కిస్తే ఏ ఎగ్జామినరూ ప్రశ్నించడు.

నేను ఆమెను కోప్పడలేదు. నేను అడిగిందల్లా, మిగిలిన నాలుగు ఓడీలలో ఏ రెండు పీహెచ్ 7కు ఎడమవైపు వెళ్లాలో ఎలా నిర్ణయించావని. ఆమె గ్రాఫు వైపు, ట్యూబుల వైపు మార్చి మార్చి చూసింది. తరువాత ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

మిగిలినవి 0.08, 0.19, 0.22, 0.32. శిఖరం 7 దగ్గరే ఉందని ముందే ఒప్పుకున్నా సరే, ఈ నాలుగింటిలో ఎడమవైపుకు ఏ రెండింటినైనా ఎంచుకోవచ్చు. ఎడమ పక్క ఎక్కే క్రమంలో, కుడి పక్క దిగే క్రమంలో పేరిస్తే ప్రతి ఎంపికా చక్కని గంట ఆకారాన్నే ఇస్తుంది. అలాంటి ఎంపికలు ఆరు. వాటిలో ఒకదాని ప్రకారం పీహెచ్ 5 దగ్గర 0.22, 6 దగ్గర 0.32, 8 దగ్గర 0.19, 9 దగ్గర 0.08. ఇంకోదాని ప్రకారం 5 దగ్గర 0.08, 6 దగ్గర 0.19, 8 దగ్గర 0.32, 9 దగ్గర 0.22. ఆమె స్టాండర్డు రేఖ మీద చదివితే 0.34 అంటే దాదాపు 0.92 మిల్లీగ్రాముల మాల్టోజ్, 0.22 అంటే 0.62, 0.08 అంటే 0.27. అంటే మొదటి అమరికలో ఈ ఎంజైము ఆమ్లంలో మూడింట రెండు వంతుల శక్తి నిలబెట్టుకుని క్షారంలో చతికిలబడుతుంది. రెండో అమరికలో సరిగ్గా దానికి తలకిందులు. రెండు గ్రాఫులూ పుస్తకంలో బొమ్మలాగే ఉంటాయి, రెండూ చెప్పే సంగతులు మాత్రం ఒకదానికొకటి విరుద్ధం.

అప్పుడామెకు ఒక ఆలోచన తట్టింది. ట్యూబుల్లో పీహెచ్ కాగితం ముంచి చూస్తే ఏది ఏ బఫరో తెలియదా అని అడిగింది. మంచి ప్రశ్నే, కానీ సమయం దాటిపోయింది. డీఎన్ఎస్‌తో వచ్చిన సోడియం హైడ్రాక్సైడ్ పన్నెండు ట్యూబులనూ గాఢమైన క్షారంలోకి తోసేసింది. 0.3 మిల్లీలీటరు బఫరు దాని ముందు నిలవదు. ఎంజైమును ఆపిన రసాయనమే ట్యూబు గుర్తింపును కూడా చెరిపేసింది. ఒక్కోసారి పొరపాటు జరిగినా వస్తువునే అడిగి తెలుసుకునే వీలుంటుంది, వాసనో రుచో పట్టిస్తుంది. ఇక్కడ ఆ వీలు లేదు. ఏ ట్యూబులో ఏముందో చెప్పగలిగేది రాత ఒక్కటే.

స్టాండర్డుల సంగతి కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే చాలామంది అధ్యాపకులు కూడా ఇక్కడ మెత్తబడతారు. "పీహెచ్ ట్యూబులంటే సరే, స్టాండర్డులు ఎలాగూ రంగు పెరుగుతూ పోతాయి కదా, రంగును బట్టి పేరిస్తే తప్పేముంది?" అని ఒక సహోద్యోగి నాతో వాదించారు. మొదటి ఇబ్బంది ఏమిటంటే ఏవి స్టాండర్డులో తెలియనప్పుడు 0.21కి బదులు 0.22ను ఎంచుకున్నా రేఖ దాదాపు అంతే బాగుంటుంది. 0.19, 0.21, 0.22 ఉన్న మూడు ట్యూబులను వెలుగుకు ఎత్తి చూస్తే ఏ కన్నూ విడదీయలేదు. అయితే అసలు ఇబ్బంది అది కాదు. స్టాండర్డు రేఖ గీసేది కొలతకు మాత్రమే కాదు, మన చేతిపనిని పరీక్షించుకోవడానికి కూడా. 0.6 ఉండాల్సిన ట్యూబులో పొరపాటున 0.9 మిల్లీలీటరు మాల్టోజ్ పడిందనుకుందాం. దాని ఓడీ 0.33 వస్తుంది. ట్యూబుల మీద అంకెలుంటే 0.6 దగ్గర 0.33, 0.8 దగ్గర 0.29 కనిపించి, ఎక్కువ చక్కెర ఉన్నచోట రంగు తగ్గడమేమిటని వెంటనే అనుమానం వస్తుంది. అంకెలు లేక రంగును బట్టి పేరిస్తే 0.29 వెళ్లి 0.6 స్థానంలో, 0.33 వచ్చి 0.8 స్థానంలో కూర్చుంటాయి. రేఖ కాస్త వంగినట్టుంటుంది, అంతే. ఇప్పుడు ఒక ట్యూబుకు 0.21 వస్తే నిజానికి అది 0.6 మిల్లీగ్రాములు, కానీ ఈ వంగిన రేఖ మీద 0.5 అని చదువుతాం. ఆరో వంతు తప్పు ఏ చప్పుడూ లేకుండా లోపలికి వచ్చేస్తుంది. రంగును బట్టి పేర్చిన వరుస ఎప్పుడూ ఎక్కుతూనే పోతుంది, ఎందుకంటే ఎక్కేలా మనమే పేర్చాం. తప్పు కావడానికి అవకాశమే లేని రేఖ ఒప్పు అయినా ఏమీ చెప్పదు.

ఆమె ఇదంతా విని, ఆ కాగితం ముక్కను చింపేయబోయింది. వద్దని, దాన్ని రఫ్ పుస్తకంలో అంటించి కింద జరిగింది జరిగినట్టు రాయమన్నాను. ఆమె రాసిన వాక్యం దాదాపు ఇది: "మరిగించిన తరువాత ట్యూబుల వరుస కలిసిపోయింది. ఏ ఓడీ ఏ ట్యూబుదో తెలియదు. ఈ అంకెలు వాడటం లేదు." నా దృష్టిలో ఆ అమ్మాయి ప్రయోగశాల పుస్తకం మొదలైంది అక్కడే. సిద్ధాంతం, విధానం అని పాఠ్యపుస్తకం నుంచి దించుకున్న పేజీలు ఎవరు రాసినా ఒకటే. ఈ మూడు వాక్యాలు మాత్రం ఆ రోజు అక్కడ ఉన్న మనిషి తప్ప మరొకరు రాయలేరు.

తరువాత అదే మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టింది. పలుచన చేసిన లాలాజలం మంచులోనే ఉంది కాబట్టి సరిపోయింది. కానీ అనుమానం ఉన్న ట్యూబులు మాత్రమే మళ్లీ చేస్తానంటే ఒప్పుకోలేదు. మూడు నిమిషాల లెక్కలో కొన్ని సెకన్ల తేడా, నీళ్ల మరుగులో తేడా, అన్నీ రంగులోకి వస్తాయి. పోల్చవలసిన ఐదు ట్యూబులూ ఒకే విడతలో నడవాలి, వాటి పక్కనే స్టాండర్డులూ మరగాలి.

ఈసారి పిపెట్ ముట్టుకోకముందే రఫ్ పుస్తకంలో పట్టిక గీయమన్నాను. ఎడమ నిలువు వరుసలో 1 నుంచి 12 వరకు ట్యూబు సంఖ్యలు, తరువాత మాల్టోజ్, నీళ్లు, స్టార్చ్, బఫరు, లాలాజలం, డీఎన్ఎస్ ఒక్కొక్కటి ఎన్ని మిల్లీలీటర్లో, లాలాజలం వేసిన సమయం, డీఎన్ఎస్ వేసిన సమయం, చివర ఓడీకి ఖాళీ గడి. ఇక్కడ ఒక చిన్న తగవు వచ్చింది. ఆమె పీహెచ్ 7 ట్యూబు మీద 7 అని రాయబోయింది. పట్టికలో ఏడో ట్యూబు పీహెచ్ 5ది. అలా రాస్తే రెండు ట్యూబుల మీద 7 ఉంటుంది, లేదా అరగంట తరువాత ఆ 7 ట్యూబు సంఖ్యో పీహెచ్చో గుర్తుండదు. స్టాండర్డుల మీద 0.4 అని రాసినా అదే గొడవ, అది మిల్లీలీటరా మిల్లీగ్రామా అని. అందుకే గాజు మీద సున్నా చుట్టిన సంఖ్య ఒక్కటే ఉండాలి, దాని అర్థమంతా పుస్తకంలో ఉండాలి. సంఖ్య చెరిగితే పుస్తకం కాపాడదు, పుస్తకం లేకపోతే సంఖ్య కాపాడదు.

రాసే చోటు కూడా ముఖ్యమే. పక్క బల్ల మీద పిల్లలు జిగురు కాగితాలు అంటించారు. నీళ్లు మరిగేసరికి కాగితాలు ఊడి బీకరులో తేలుతున్నాయి. స్కెచ్ పెన్ను రాత తడి తగిలితే పోతుంది. గాజు మీద రాసే మైనపు పెన్సిలు వేడికి మెత్తబడుతుంది. పర్మనెంట్ మార్కర్ నీళ్లకు ఆగుతుంది, పని అయ్యాక స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. అయినా నీటి మట్టానికి పైనే రాయాలి, మరీ మూతి దగ్గర రాస్తే హోల్డరు రుద్దుకుని చెరుగుతుంది, కాబట్టి మూతికి ఒక అంగుళం కింద. ట్యూబులో ఉన్నది రెండు మిల్లీలీటర్లే కనుక బీకరులో నీళ్లు అంత ఎత్తు రానవసరం లేదు.

రెండో అలవాటు టిక్కు. మాల్టోజ్, నీళ్లు, బఫరు, పలుచన చేసిన లాలాజలం అన్నీ రంగులేనివే. మధ్యలో ఎవరైనా పిలిస్తే, తిరిగి వచ్చేసరికి నాలుగో ట్యూబులో నీళ్లు పోశామో లేదో ట్యూబును చూసి చెప్పడం కష్టం. పోసిన ప్రతిసారీ ఆ గడిలో ఒక టిక్కు పెడితే అనుమానానికి చోటుండదు. పోయకముందు కాదు, వరుసంతా పోశాక ఒకేసారీ కాదు, పోసిన వెంటనే. ఈ పనికి పెన్ను వాడాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, కింద ఉన్న అంకె చదవడానికి వీలుగా మిగలాలి. వైట్‌నరు పూసిన రఫ్ పుస్తకానికి, రాయని రఫ్ పుస్తకానికి నా దృష్టిలో తేడా లేదు.

రెండో విడత ఓడీలు వచ్చాయి. స్టాండర్డులు మొదటిసారి ఏరుకున్న రేఖకు దగ్గరగానే ఉన్నాయి. పీహెచ్ 5కు 0.20, 8కి 0.22, 9కి 0.08. కానీ పీహెచ్ 6 ట్యూబుకు 0.35, పీహెచ్ 7 ట్యూబుకు 0.33 వచ్చాయి. శిఖరం పుస్తకం చెప్పిన వైపు కాకుండా పక్క ట్యూబులో ఉంది. మొదటి విడతలో ఆమె 0.34ను పీహెచ్ 7కు ఇచ్చింది పుస్తకాన్ని నమ్మి. బహుశా ఆ ట్యూబు 6దే అయి ఉంటుంది. ఈసారి అలా సర్దుకునే వీలు లేదు, ఎనిమిదో ట్యూబు మీద 8 అని ఉంది, పట్టికలో ఎనిమిది ఎదురుగా పీహెచ్ 6 అని ఉంది, టిక్కులు అన్నీ ఉన్నాయి. కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. ఓడీలో 0.02 తేడా చేతిపనిలోనే రావచ్చు, నిజమే. అయినా బఫరు సీసా తెచ్చి పీహెచ్ మీటరులో చూస్తే 6.4 చూపించింది. ఆరుకు, ఆరున్నరకు దగ్గరగా ఉన్నదానికి ఈ ఎంజైము విషయంలో చాలా తేడా ఉంది, ఎందుకంటే 6 నుంచి 6.8కి దూరం 0.8, 6.4 నుంచి అందులో సగమే, 7 నుంచి 0.2, రెండు ట్యూబులూ శిఖరానికి అటూ ఇటూ నిలబడ్డాయి. సీసా మీద "బఫరు 6" అని ఉంది. ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో లేదు.

ఆ సీసాతో అంతకుముందు ఎన్ని బ్యాచులు ఈ ప్రయోగం చేశాయో గానీ ఎవరి రికార్డులోనూ 6 దగ్గర శిఖరం లేదు. అందరికీ 7 దగ్గరే వచ్చింది. ట్యూబులు కలిసిపోయి అలా వచ్చిందా, వచ్చిన అంకెను పక్కకు జరిపారా, పై తరగతివారి రికార్డు చూసి దించారా అన్నది ఇప్పుడు తేల్చలేం. తేల్చడానికి కావలసిన రఫ్ కాగితాలు చెత్తబుట్టలోకి పోయాయి. నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు. రికార్డుకే మార్కులు ఇచ్చినంత కాలం విద్యార్థి రావలసిన జవాబు రాస్తాడు, వచ్చిన జవాబు రాయడు. ఆ రెంటికీ మధ్య తేడా ఉన్నప్పుడే ప్రయోగశాల ఏదైనా నేర్పగలదు.

దీనికి సహోద్యోగులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. ముప్పై మంది పిల్లలు, ఒకటో రెండో కలరీమీటర్లు, మూడు గంటల ప్రాక్టికల్, అందులో అటెండెన్సుకు, వివరణకు అరగంట పోతుంది. నలుగురేసి ఒక బ్యాచి. పట్టికలు గీయమని కూర్చోబెడితే ప్రయోగం ఎప్పుడు పూర్తవుతుంది అంటారు. పట్టిక గీయడానికి ఐదు నిమిషాలు చాలు, ప్రయోగం మళ్లీ చేయడానికి గంట పైనే పడుతుంది. నిజమైన చిక్కు నలుగురి బ్యాచి. ఒకరు పోస్తారు, ఒకరు మరిగిస్తారు, ఒకరు ఓడీ చదువుతారు, ఇంకొకరు రాస్తారు, రాసేవారికి ట్యూబు చేతిలో ఉండదు. రాక్‌లోని వరుస ఒక మనిషి తలలోనే ఉంటే మిగతా ముగ్గురికి అది అక్కరకు రాదు. సమయం లేదన్న మాట గుర్తులు పెట్టకపోవడానికి కాదు, పెట్టడానికే కారణం కావాలి.

ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. డిగ్రీ ప్రయోగాల జవాబులు అందరికీ తెలిసినవే, ఎవరి ప్రాణమూ పోదు, ఇంత పట్టింపు ఎందుకు అని. ఈ పిల్లల్లో చాలామంది మూడేళ్ల తరువాత డయాగ్నోస్టిక్ ల్యాబుల్లో, బ్లడ్ బ్యాంకుల్లో పనిచేస్తారు. అక్కడ నియమం ఒక చోట మన నియమానికి తలకిందులుగా కనిపిస్తుంది. బ్లడ్ గ్రూపు పరీక్షకు రక్తం తీసేటప్పుడు ముందుగా పేర్లు రాసి పెట్టుకున్న ట్యూబులు వాడకూడదు. రక్తం తీశాక, రోగి మంచం పక్కనే, అతని పేరు అతని నోటితోనే చెప్పించుకుని అప్పుడే రాయాలి. పేరు రాసిన ఖాళీ ట్యూబు పక్క మంచానికి వెళ్లిపోవచ్చు కాబట్టి. మన ప్రాక్టికల్‌లో ఖాళీ ట్యూబుకు ముందే సంఖ్య వేస్తాం, ఎందుకంటే ఆ ట్యూబులో ఏమి పడాలో నిర్ణయించేది మన పట్టికే. మంచం మీద ఉన్న మనిషిని మన పట్టిక నిర్ణయించదు. రెండు చోట్లా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ వస్తువు ఏదో ఖాయంగా తెలిసే క్షణం ఏది, రాత ఆ క్షణానికి ఎంత దగ్గరగా ఉంది? దీన్ని అలవాటుగా కాక ఆలోచనగా నేర్చుకున్నవారు కొత్త చోట కూడా నియమాన్ని పట్టుకోగలరు. రికార్డు అందంగా రాయడం మాత్రమే నేర్చుకున్నవారికి అక్కడ చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. రికార్డు మార్కుల్లో సగం రఫ్ పుస్తకానికి మార్చాలి. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు రికార్డులో ఏదో ఒక ఓడీ మీద వేలు పెట్టి, ఇది రఫ్ పుస్తకంలో ఎక్కడుందో, ఆ ట్యూబులో ఏ ఏ ద్రావణాలు ఎంతెంత పడ్డాయో చూపించమనాలి. చూపించగలిగితే మార్కు, గ్రాఫు వంకరగా ఉన్నా సరే. వరుస కలిసిపోయిందని రాసి, అంకెలు వాడకుండా వదిలేసిన పేజీకి కూడా పూర్తి మార్కు ఇవ్వాలి. అప్పుడు పిల్లలు రఫ్ పుస్తకాలను కూడా ఇంటి దగ్గర కూర్చుని తయారుచేస్తారు కదా అని ఒకరు నవ్వారు. దానికి ఉపాయం కష్టమేమీ కాదు. ఓడీలు రాసిన పేజీ మీద లెక్చరరు కలరీమీటర్ బల్ల దగ్గరే, ట్యూబులు ఇంకా రాక్‌లో ఉండగానే, సమయం వేసి సంతకం పెట్టాలి. ముప్పై సంతకాలకు పట్టేది కాసేపే. నెలాఖరున రికార్డుల కట్ట ముందు పెట్టుకుని, లోపల ఏముందో చదవకుండా వరుసగా సంతకాలు చేసే పని అంతకంటే ఎక్కువ సమయం తింటుంది.